లోపలి చక్రం

ఆరు టైర్లు. ఆరింటికీ పాస్. బస్సు తనిఖీ రిపోర్టులో ఆ వరుస దగ్గరే కెజియా ఆగిపోయింది.

ఆగదా మరి! ఆ బస్సు ఎవరిది? క్రీస్తుదాసుది. క్రీస్తుదాసు ఎవరు? కెజియాకు సొంత మేనమామ, తల్లి మగ్దలీనమ్మకు తోడబుట్టిన తమ్ముడు, ఊళ్లో చర్చి సంఘ పెద్ద. అదే రిపోర్టులో కాస్త కిందికి పోతే వైపర్ల దగ్గర ఇంజనీరు ఇలా రాశాడు: రబ్బరు చిరిగింది, ఎడమది కదలడం లేదు, ఫెయిల్. వైపరు రబ్బరు కొనడానికి చేతులు రాని మనిషి ఆరు టైర్లు మార్పించాడట! గాడి లోతు ఒక్కోటీ తొమ్మిది మిల్లీమీటర్లట. బస్సులకు ఒకటీ పాయింటు ఆరు ఉంటే చాలంటుంది నిబంధన. మామ తొమ్మిది దాకా పోయాడంటే నమ్మాలా?

కెజియా పనిచేసేది ముత్తుకూరు దాటాక కృష్ణపట్నం పోయే దారిలో ఉన్న ఒక రొయ్యల కంపెనీలో. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు తెల్లవారేసరికి బస్సుల్లో వచ్చి రొయ్యల తలలు తీస్తారు, పొట్టు వలుస్తారు. ఆ రొయ్యలు కొనే పై దేశాల వాళ్లకు ఇప్పుడు సందేహాలు ఎక్కువయ్యాయి. రొయ్య ఏ చెరువుదో అడిగి ఊరుకోరు, దాన్ని వలిచిన మనిషి ఎక్కి వచ్చే బస్సుకు బ్రేకులు ఉన్నాయా అని కూడా అడుగుతారు. అందుకని ప్రభుత్వం ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎటూ ఉన్నా, ఏటా సీజనుకు ముందు కంపెనీ తన తరఫున ఒక ఇంజనీరును పంపి అద్దె బస్సులన్నీ చూపిస్తుంది. ఆ రిపోర్టులు కెజియా బల్ల మీదికి వస్తాయి. ఆమె వాటిని మోటారు వాహనాల నిబంధనలతో సరిచూసి, భాగం వారీగా లోపం ఏమిటో, పాసో ఫెయిలో రాయాలి. ఆ తర్వాత స్వయంగా షెడ్డుకు పోయి బండిని కళ్లారా చూసి సంతకం పెట్టాలి.

బ్రేకు, స్టీరింగు, టైరు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఫెయిలైనా బండి మళ్లీ తనిఖీ అయ్యేదాకా కదలకూడదు. మిగతావి బాగుచేయించి చూపిస్తే చాలు. సంతకం పడితే ముందు అద్దానికి స్టిక్కరు అంటిస్తారు. ఇక ఏడాది పాటు గేటు దగ్గర వాచ్‌మన్ ఆ స్టిక్కరునే చూస్తాడు, బండి ముఖం చూడడు.

ఆ బస్సులోనే మగ్దలీనమ్మ రోజూ పనికి వస్తుంది. వెనక ఎడమ పక్క, చక్రం మీదుండే ఎత్తు సీటు ఆమెది. మోకాళ్లు పైకొస్తాయి, అయినా గాలి బాగా తగులుతుందని దాన్ని వదలదు. ఇంకెవరైనా కూర్చుంటే లేపి మరీ కూర్చుంటుంది. ఊరి నుంచి కంపెనీకి వచ్చే దారిలో వాగు మీద ఒక మలుపు ఉంది. రొయ్యల బండ్లన్నీ ఆ దారినే పోతాయి, ట్రేల నుంచి నీళ్లు కారుతూ పోతాయి. ఎండాకాలంలో కూడా ఆ మలుపు తడిగా, జిగటగా ఉంటుంది. పోయిన వానల్లో ఒకరోజు మగ్దలీనమ్మ పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, "బస్సు ఆ మలుపు కాడ రవ్వంత జారింది మే" అంది. కెజియా ఇంకేదో అడగబోతే నాలిక కరుచుకుని వంటింట్లోకి పోయింది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

గుర్తొచ్చాక ఇంక ఊరుకోలేకపోయింది. ఇంజనీరు సుశీల్ కుమార్‌కు ఫోన్ చేసింది.

"సార్, మా ఊరి బస్సు టైర్లు మీరే కొలిచినారా?"

"నేనే కొలిచినా మేడం. గేజి పెట్టి, లోపలి చక్రాలకు కూడా చెయ్యి దూర్చి కొలిచినా. ఫొటోలు పంపినా గదా. ఏం, డౌటా?"

"డౌటని కాదు సార్. ఆ ఓనరు వైపర్లు మార్చడు గానీ టైర్లు మార్చినాడంటే..."

అవతల సుశీల్ కుమార్ నవ్వాడు. "ఆ రోజు ఆ బండికి ఏముంటే అదే రాసినా మేడం. రేపు ఏముంటాదో నాకెట్టా తెలుస్తాది?"

మామూలుగా అన్నాడో, ఏదైనా తెలిసి అన్నాడో అర్థం కాలేదు. ఈయనకు మామ ఏమైనా ముట్టజెప్పాడా? ఛీ, అందరినీ అట్లా అనుకుంటే ఎట్లా అని తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఆ ఫొటోలు మళ్లీ తెరిచి చూసింది. టైర్లు బంగారంలా ఉన్నాయి. బంగారంలా ఉండడమే ఆమెకు నచ్చలేదు.

జాబితా రాయడం మొదలుపెట్టింది. సర్వీసు బ్రేకు: ముప్పై కిలోమీటర్ల వేగం మీద తొక్కితే పదమూడు మీటర్లలోపు ఆగాలి, పదకొండున్నరకు ఆగింది, పాస్. హ్యాండ్‌బ్రేకు: ఎత్తు మీద నిలిచింది, పాస్. స్టీరింగు: చక్రం కదలకుండా తిరిగే వదులు ముప్పై డిగ్రీలు దాటకూడదు, ఇరవై ఉంది, పాస్. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారను: పాస్. వైపర్లు: ఫెయిల్. మంటలార్పే సిలిండరు: గడువు తీరింది, ఫెయిల్. అత్యవసర ద్వారం: పిడి బిగుసుకుపోయింది, లోపలి నుంచి తెరుచుకోవడం లేదు, ఫెయిల్. ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పు పట్టింది గానీ చిల్లు పడలేదు, పాస్, గమనించాలి. టైర్లు: అని రాసి ఆగింది. ఆ గడి ఖాళీగా వదిలేసింది.

ఫెయిలని రాయడానికి ఆధారం లేదు. పాసని రాయడానికి మనసు రావడం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక క్రీస్తుదాసు అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు. తెల్లచొక్కా మడత నలగకుండా మంచం మీద కూర్చున్నాడు. కోడికూర వాసనకు ముఖం వెలిగిపోతోంది. కెజియా అన్నం వడ్డిస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"టైర్లు ఎప్పుడేపించినావు మామా?"

"ఏందిమే, కూడు తినేటప్పుడు టైర్ల గోల?"

"ఊరికే. కొత్తయ్యేనా?"

"మరి పాతయ్యా? మీ ఇంజనీరు కొలుచుకునే గదా రాసింది. ఆయనకు రాని చదువు నీకొచ్చినాదా?"

"బిల్లుంటే ఫైల్లో పెట్టుకుందామని."

క్రీస్తుదాసు ముద్ద పళ్లెంలోనే పెట్టేశాడు. "అక్కా, చూసినావా? మేనమామని బిల్లడుగుతుంది. రేపు రక్షణ పొందినావా, దానికి సర్టిఫికెట్ ఏదీ అని కూడా అడుగుతాది."

మగ్దలీనమ్మ నవ్వలేదు. పులుసు గరిటె పట్టుకుని అట్లాగే నిలబడి, "వాడు మనోడే గదా తల్లీ. పోలీసోళ్లు అడిగినట్టు అడగబాక" అంది. ఆ గొంతులో కోపం లేదు, బెదురు ఉంది. ఎవరిని చూసి బెదురు? తమ్ముణ్ణా? కూతుర్నా? కెజియాకు ఒళ్లు మండింది. అమ్మకు ఏదో తెలుసు. తెలిసీ ఆ సీట్లోనే కూర్చుని వస్తోంది.

క్రీస్తుదాసు మళ్లీ ముద్ద కలుపుతూ మాట మార్చాడు. "ఆ హజరత్తయ్యతోనే నాకు తలకాయనొప్పి. డ్రైవరుగా మంచోడే, పని రాదని అనను. మొన్న స్టీరింగు కాడ నిమ్మకాయ కట్టినాడు. నేను పీకి సరుగుడు తోపులోకి ఇసిరి కొట్టినా. ప్రార్థన చేసి ప్రతిష్ఠ చేసిన బండయా అది, దానికి పసుపు గిసుపు తగిలిందంటే నీకూ నాకూ చెల్లు అని చెప్పినా. అప్పట్నుంచి ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు. బండి కాడ ఏమన్నా తేడా వస్తే వాణ్ణే అడుగు, నన్ను కాదు."

అడక్కుండానే డ్రైవరు పేరు ఎందుకు తెచ్చాడు? కెజియా ఆ మాటను మనసులో ముడివేసుకుంది. అయినా డ్రైవరు మీద అనుమానం నాటుకోనే నాటుకుంది. హజరత్తయ్య ఈ మధ్య ఆమెను చూస్తే తల తిప్పుకుంటున్నాడు. గేటు దగ్గర ఎదురుపడితే కూడా బీడీ పారేసి బస్సు వెనక్కి పోతున్నాడు. మామ కొన్న టైర్లు ఈ డ్రైవరే ఏమైనా చేస్తున్నాడా? ఇద్దరూ కలిసేనా?

సోమవారం పొద్దున స్కూటీ మీద షెడ్డుకు పోయింది. ఊరి చివర, సరుగుడు తోపు పక్కన రేకుల షెడ్డు. దానికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఊళ్లోని గంగులయ్యది వడ్లు తోలే లారీ ఒకటి వేపచెట్టు కింద నిలబడి ఉంది. కోతలు అయిపోయాయి కాబట్టి దానికి పని లేదు. షెడ్డులో బస్సు కడిగి తళతళలాడుతోంది. ముందు అద్దం మీద 'యెహోవా యీరే' అని ఎర్ర అక్షరాలు. దేవుడు చూసుకుంటాడని రాయించి వైపర్లు కూడా ఆయనకే వదిలేసినట్టున్నాడు మామ.

"రామ్మా, రా. టీ తెప్పించినా" అంటూ క్రీస్తుదాసు ఎదురొచ్చాడు. హజరత్తయ్య బకెట్టూ గుడ్డా పట్టుకుని బస్సు పక్కనే ఉన్నాడు. ఆమెను చూసి తల వంచుకున్నాడు.

"టీ తర్వాత తాగుతా మామా."

"చల్లారిపోతాది."

"చల్లారనీ."

కొత్త వైపర్లు వచ్చేశాయి. సిలిండరు మార్చారు. అత్యవసర ద్వారం పిడికి గ్రీజు పూశారు, లోపల నుంచి లాగితే తెరుచుకుంది. వాటికి పాస్ అని రాసుకుంది. క్రీస్తుదాసు వెనకాలే తిరుగుతూ ప్రతిదానికీ "చూసినావా? చూసినావా?" అంటున్నాడు. ఇంత హుషారు ఆయనకు పెళ్లిళ్లలో కూడా ఉండదు.

చక్రాల దగ్గరికి వచ్చింది. గేజి పెట్టి చూస్తే రిపోర్టులో రాసినట్టే ఉంది. టైర్లలో మచ్చ లేదు, కోత లేదు. గేజి సంచిలో పెట్టుకోబోతూ నట్ల వంక చూసింది. ఈ గాలికి ఇనుప ముక్క బయట పెడితే రెండు వారాల్లో గోధుమరంగు తిరుగుతుంది. షెడ్డు తలుపు గడియ కూడా తుప్పే. బస్సు అడుగు రేకు తుప్పే. చక్రాల నట్లు మాత్రం అంచులు కొత్తగా గీసుకుపోయి తెల్లగా మెరుస్తున్నాయి. ఈ మధ్యే స్పానరు పడింది.

టైర్లు మార్చినప్పుడు నట్లు ఇప్పక తప్పదు కదా. అందులో తప్పేముంది? మామ అదే అంటాడు. కెజియాకు తన అనుమానం మీద తనకే విసుగొచ్చింది. సంతకం పెట్టి పోదామా అనిపించింది. రేపటి నుంచి సీజను. ఈ బస్సు రాకపోతే ఊళ్లో నలభై మంది ఆడవాళ్లకు పనికి పోయే దారి లేదు. వాళ్లలో అమ్మ కూడా ఉంది. పెన్ను తీసింది.

పెన్ను తీసి, చిట్టచివరికి ఒకసారి వెనక ఎడమ చక్రాల దగ్గర వంగింది. వెనక చక్రాలు జంటగా ఉంటాయి, బయటిది ఒకటి, దాని చాటున లోపలిది ఒకటి. బయటి చక్రం ఇనుప డిస్కుకు ఉన్న కంతలోంచి సెల్‌ఫోను టార్చి వేసింది. లోపలి డిస్కు మీద వెలుతురు పడింది.

పసుపు. పసుపు మధ్యలో ఎర్రగా కుంకుమ.

కెజియా మెల్లగా లేచి, మోకాళ్ల ఇసుక దులుపుకుంది.

"మామా, నీ బస్సుకు బొట్టెవరు పెట్టినారు?"

"ఏం బొట్టు?"

"వచ్చి చూడు."

క్రీస్తుదాసు వంగి చూశాడు. లేచేటప్పటికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ వెంటనే గొంతు పెంచి డ్రైవరు మీదికి తిరిగాడు. "ఏరా హజరత్తయ్యా! నిమ్మకాయ పీకేస్తే పసుపు పూస్తావా? సంఘం బండికి బొట్టు పెట్టేదానికి ఎంత ధైర్యంరా నీకు? చూడుమే, నిన్ననే చెప్పినా గదా వీడి సంగతి!"

హజరత్తయ్య గుడ్డను బకెట్టులో ముంచి పిండుతూ కెజియా వంక చూశాడు. ఇన్నాళ్లూ తల తిప్పుకున్న మనిషి ఇప్పుడు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆ చూపు ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు. తప్పు చేసినవాడి చూపేనా?

మామ చెప్పింది నిజమైతే ఇక్కడితో అయిపోయేది. డ్రైవరుకు నాలుగు తిట్లు, గుడ్డ పెట్టి ఒక తుడుపు, సంతకం. కానీ ఆ సందులోకి చెయ్యి దూర్చి బొట్టు పెట్టేవాళ్లు ఎవరుంటారు? బొట్టు పెట్టేది కనబడడానికి. కనబడని చోట ఎవరు పెడతారు?

"బయటి చక్రం ఇప్పించు మామా."

"ఎందుకు? టైమెంత పడతాదో తెలుసా? టీ..."

క్రీస్తుదాసు మాట పూర్తయ్యేలోపే హజరత్తయ్య జాకీ తెచ్చి ఇరుసు కింద పెట్టేశాడు. స్పానరు ఎప్పుడు తెచ్చాడో, నట్లు ఎప్పుడు ఊడాయో తెలియలేదు. బయటి చక్రం దొర్లించి గోడకు ఆనించాడు.

లోపలి డిస్కు బయటపడింది. ఉబ్బెత్తుగా ఉన్న వైపున మూడు పసుపు చారలు, వాటి మీద గుండ్రంగా కుంకుమ. ఒక్క రోజు పెట్టింది కాదు. పొర మీద పొర, వారం వారం పెట్టినట్టు మందంగా పేరుకుంది. దాని మీద రోడ్డు బురద ఎండి పెళుసుబారి ఉంది. కెజియా గోటితో గీకింది. బురద రాలింది, దాని కింద మళ్లీ పసుపు.

"ఈ ఉబ్బెత్తు వైపు వెనక జంటలో చాటున పడిపోతాది, బయటికి కనబడాలంటే ఇది ముందు చక్రమై ఉండాలి మామా. ముందు చక్రంగా ఉన్నప్పుడు ఎవరో వారం వారం బొట్టు పెట్టినారు. బొట్టు పెట్టినాక బురదలో తిరిగింది. నీ బస్సు ముందు చక్రానికి ఎవరైనా వారం వారం బొట్టు పెడుతుంటే నువ్వు ఊరుకుంటావా? నిమ్మకాయకే ఇసిరి కొట్టినావు!"

క్రీస్తుదాసు చొక్కా పైగుండీ సర్దుకున్నాడు. ఆయన కళ్లు ఆయన అనుమతి లేకుండానే రోడ్డు అవతలికి పోయి వచ్చాయి.

కెజియా రోడ్డు దాటింది.

గంగులయ్య లారీకి ముందు బంపరు మీద పసుపు, అద్దం కింద పసుపు, తలుపు మీద పసుపు. శుక్రవారం వచ్చిందంటే గంగులయ్య భార్య ఆదిశేషమ్మ ఆ లారీని ఇంటి కోడలిలా ముస్తాబు చేస్తుంది. చక్రాలకు మాత్రం చుక్క పసుపు లేదు. అవి బస్సు చక్రాలని చూస్తేనే తెలిసిపోయింది. ముందు ఎడమ టైరు మీద చెయ్యి పెట్టింది. నున్నగా అరచేతిలా ఉంది. గేజి పెడితే సగం మిల్లీమీటరు కూడా లేదు. వెనక టైరు ఒకదానికి ఒక చోట రబ్బరు పోయి లోపలి తీగలు బయటికి వచ్చి తుప్పు పట్టాయి. వేలికి గుచ్చుకున్నాయి.

ఏడాదంతా తన తల్లి ఈ టైర్ల మీద కూర్చుని ఆ వాగు మలుపు తిరిగింది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. కెజియాకు కోపం రావాల్సిన చోట ముందు భయం వచ్చింది, అయిపోయిన దానికి భయం.

క్రీస్తుదాసు వెనకాలే వచ్చాడు. పెద్దరికం రోడ్డు అవతలే వదిలేసి వచ్చాడు.

"గంగులయ్యవీ నావీ ఒకే సైజు. సీజను లేనప్పుడు ఆ లారీ ఊరికే గదా ఉండేది. తనిఖీకి నాలుగు రోజులు మార్చుకుంటాం. నేనొక్కడినే అనుకున్నావా? ఈ తీరంలో బండ్లున్నోళ్లంతా చేసేదేమే ఇది. నీ సంతకం పడినాక ఎవరివి వాళ్లం తగిలించుకుంటాం."

"ఆ టైరుకు తీగలు బయటపడినాయి మామా."

"ఏపిస్తా. ఈ నెల దాటనీ, కొత్తయి ఏపిస్తా, మీ అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద ఒట్టు పెట్టబాక. అమ్మని ఆ టైర్ల మీద ఎక్కించినావు, అది చాలు."

ఆ మాటకు క్రీస్తుదాసు నిజంగానే నొచ్చుకున్నాడు. "మా అక్క నాకు పరాయిదా? బిడ్డప్పుడు నన్ను ఎత్తుకుని పెంచింది. దానికేమన్నా అయితే నేను బతుకుతానా? ఏం కాదులే అనుకున్నా. ఇన్నేండ్లు ఏం కాలేదు గదా."

"పోయిన వానల్లో జారింది గదా."

ఆయన తల వంచుకున్నాడు. ఇంక వేరే దారి లేనివాడిలా, గొంతు తగ్గించి అన్నాడు. "రిపోర్టులో పాసని ఉంది. రాసింది ఆ ఇంజనీరు. నువ్వు పాసంటే నీ మీదికేం రాదు. ఫెయిలంటే మాత్రం, రేపు తెల్లారి స్టాపు కాడ నలభై మంది ఆడోళ్లు టిఫిను బాక్సులు పట్టుకుని నిలబడతారు. మళ్లీ తనిఖీకి మీ ఇంజనీరు ఎప్పుడొస్తాడో ఏమో. అందాకా కూలి పోతాది. బస్సు రాదని వాళ్లకి ఎవురు చెప్తారు? నువ్వు చెప్తావా?"

"నేనే చెప్తా."

షెడ్డుకు తిరిగి వచ్చి, బస్సు మెట్టు మీద కూర్చుని, ఖాళీగా ఉన్న గడిలో రాసింది. టైర్లు: తనిఖీలో చూపినవి ఈ వాహనానివి కావు. ఈ వాహనం అసలు టైర్లలో గాడి లోతు కనీస పరిమితికి తక్కువ, ఒకదానికి తీగలు బయటపడ్డాయి. ఫెయిల్. దాని కింద, వాహనం నడపరాదు. క్రీస్తుదాసు చల్లారిపోయిన టీ గ్లాసులు రెండూ తనే తీసి పారబోసి, షెడ్డు వెనక్కి పోయాడు. పోయిరా అని కూడా అనలేదు.

స్కూటీ దాకా హజరత్తయ్య వెంట వచ్చాడు. ఇప్పుడు ఆమెకు అతని మీద జాలి కలిగింది, కాస్త సిగ్గు కూడా వేసింది. ఎంత అనుమానించింది ఈ మనిషిని!

"హజరత్తన్నా, మామ అన్న మాటలు మనసులో పెట్టుకోబాక."

"నాకలవాటేనమ్మా."

"ఒకటి అడుగుతా. బయటి చక్రాలన్నీ అద్దాల మాదిరి కడిగినావు. లోపల అవతలి పక్కది కూడా కడిగినావు, వచ్చేటప్పుడు కంతలోంచి చూసినా. ఈ ఒక్కటీ కడగలేదేం? మరిచినావా?"

హజరత్తయ్య షెడ్డు వైపు ఒకసారి చూశాడు. గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"మరవలేదమ్మా. నోటితో చెప్తే ఆ పూటకే నా పని పోతాది. ఇంట్లో పొయ్యి ఎలగాల గదా. చూసేవాళ్లు చూస్తార్లే అని వదిలేసినా. మీ ముఖం చూస్తే ఏడ చెప్పేస్తానో అని పక్కకి పోతా ఉండినా."

కెజియాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. "నువ్వు ఆ పని చేయబట్టే, అన్నా..." అని ఏదో అనబోయింది.

"పోయినేడు కూడా వదిలేసినానమ్మా."

ఆమె చెయ్యి స్కూటీ తాళం మీద ఆగిపోయింది.

"పోయినేడు మీరొచ్చినారు. టీ తాగినారు. మీ మామతో నవ్వుతా మాట్లాడినారు. బయటి చక్రాన్ని కాలితో ఒక తన్ను తన్ని, బాగుండాయి అన్నారు." అతని గొంతులో నింద లేదు. నిన్నటి వాన సంగతి చెప్పినట్టు చెబుతున్నాడు. "మీరు పోయినాక నేనే కడిగేసినా. ఏడాదంతా ఆ బోడి టైర్ల మీదే తోలినా. ఆ మలుపు కాడ జారిన రోజు, లోపలోళ్లంతా అరిస్తే, నాకు ముందు మీ సంతకమే గుర్తొచ్చినాది."

కెజియా అడగకూడదనుకుంటూనే అడిగింది.

"పోయినేడు ఏ చక్రం అన్నా?"

"ఇదేనమ్మా, ఎనక ఎడం పక్క లోపలిది. మీ అమ్మ కూచునే సీటు కింద. అక్కడైతే మీరు తప్పకుండా చూస్తారనుకున్నా."

హజరత్తయ్య బకెట్టు తీసుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు. కెజియా స్కూటీ మీద కూర్చుంది గానీ తాళం తిప్పలేకపోయింది.